పిల్లల కథల్లో సంభాషణలు: పేరాలు, కొటేషన్లు, కామాలు

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. తెలుగులో కథలు బాగానే రాస్తుంది కానీ సంభాషణ వచ్చిందంటే ఎవరు ఏ మాట అన్నారో అర్థం కాదు. కొటేషన్లు, కామాలు ఎక్కడ పెట్టాలి, పేరా ఎప్పుడు మార్చాలి?

ముందు పేరాలు సరిచేయించండి, కొటేషన్ల సంగతి తర్వాత చూడొచ్చు. మా బళ్ళో గోడపత్రిక కోసం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లల కథలు నేనే చూస్తాను. గందరగోళం ఎక్కువగా పేరాల దగ్గరే మొదలవుతుంది. పిల్లలు రాసేది దాదాపు ఇలా ఉంటుంది:

అమ్మా బంతి చూశావా అంది లత లేదే అంది అమ్మ స్టవ్ కట్టేస్తూ డాబా మీదికి వెళ్ళి చూడు చీకటి పడుతోంది టార్చి తీసుకెళ్ళు అంది నాకు భయం నువ్వూ రా అంది.

ఒక అబ్బాయి, ఒక అమ్మాయి మాట్లాడుకుంటే "అన్నాడు", "అంది" చూసి ఎవరి మాటో పట్టుకోవచ్చు. ఇక్కడ ఇద్దరూ "అంది"లే కాబట్టి క్రియ మనకేమీ సాయం చేయదు, పేరానే చెప్పాలి. పెన్సిల్ ఇచ్చి, మాట్లాడే మనిషి మారిన ప్రతి చోటా ఒక అడ్డగీత పెట్టమనండి. పై ముక్కలో రెండు గీతలు పడతాయి, "లేదే" ముందు ఒకటి, "నాకు భయం" ముందు ఒకటి. గీత ఉన్నచోటల్లా కొత్త పేరా.

తర్వాత కొటేషన్లు. నాటకంలో ఆ పాత్ర వేస్తే నోటితో ఏ మాటలు పలకాలో వాటికి మాత్రమే రెండు వైపులా పెట్టాలి. "అంది లత" అనేది లత పలకదు కదా, అది బయటే ఉంటుంది. ఇదంతా అయ్యాక ముక్క ఇలా మారుతుంది:

"అమ్మా, బంతి చూశావా?" అంది లత.

"లేదే," అంది అమ్మ స్టవ్ కట్టేస్తూ. "డాబా మీదికి వెళ్ళి చూడు. చీకటి పడుతోంది, టార్చి తీసుకెళ్ళు."

లత కదల్లేదు. "నాకు భయం. నువ్వూ రా."

రెండో పేరాలో అమ్మ మాట మధ్యలో ఆగి స్టవ్ కట్టేసింది, అయినా పేరా మారలేదు, ఎందుకంటే మాటా పనీ రెండూ అమ్మవే. మూడో దాంట్లో "అంది" అసలు లేదు, కదలనిది లతే కాబట్టి ఆ పేరాలో మాట కూడా లతదేనని పాఠకుడికి తెలిసిపోతుంది. పిల్లలు ఈ కిటుకు పట్టుకున్నారంటే ప్రతి వాక్యం చివరా "అంది, అంది" అని రాయడం వాళ్ళంతట వాళ్ళే తగ్గించేస్తారు.

కామా సంగతి చిన్నదే. పిలుపు తర్వాత ఒకటి ("అమ్మా,"). మాటకి ముందు మామూలు వాక్యం మొదలై, పూర్తి కాకుండా ఆగితే అక్కడ ఒకటి: లత వెనక్కి తిరిగి, "ఎవరది?" అంది. మాట ముగిసి "అంది" వచ్చేచోట కొటేషన్ లోపల కామా పెట్టేవాళ్ళున్నారు, ఏమీ పెట్టకుండా వదిలేసేవాళ్ళూ ఉన్నారు, తెలుగు అచ్చులో రెండూ కనిపిస్తాయి. ఏదో ఒకటి ఎంచుకుని కథ చివరిదాకా అదే పాటించమనండి. ప్రశ్నార్థకమో ఆశ్చర్యార్థకమో ఉంటే మాత్రం దాని పక్కన మళ్ళీ కామా వద్దు, "చూశావా?" అంది, అంతే.

తెలుగులో అసలు చిక్కు "అని" దగ్గర వస్తుంది, ఇంగ్లీషు గ్రామర్ పుస్తకం చూసి నేర్చుకున్న పిల్లలకి ఇది ఎవరూ చెప్పరు. లత "నేను రానని" చెప్పింది అని రాస్తారు. రాను, అని కలిసిపోయి "రానని" అయింది, ఇక లత మాట ఎక్కడ ముగిసిందో చూపించి కొటేషన్ మూయడానికి చోటే లేదు. అలాంటప్పుడు రెండే దారులు. విడదీసి, "నేను రాను" అని చెప్పింది లత, అని రాయాలి. లేదా కొటేషన్లు తీసేసి, తను రానని చెప్పింది లత, అనాలి. రెండోదాంట్లో "నేను" కాస్తా "తను" అయిందని గమనించమనండి. మాట "అని"తో అతుక్కుపోయిందా, విడిగా ఉందా అని చూసుకుంటే చాలు, అతుక్కుంటే కొటేషన్ వద్దు.

మనసులో అనుకున్న మాటలకి నేనైతే ఒంటి కొటేషన్ వాడమంటాను: 'ఇప్పుడెలా?' అనుకుంది లత. దీనివల్ల పక్కనున్న అమ్మకి ఆ మాట వినపడలేదని చదివేవాళ్ళకి వెంటనే తెలుస్తుంది.

ఇవన్నీ ఒకే రోజు చెప్పొద్దు. ఈసారి కథలో అడ్డగీతలు మాత్రం పెట్టించి, పేరాలు విడదీసి మళ్ళీ రాయించండి, కొటేషన్లు తర్వాతి కథకి.