అర్జెంటు పని, ముఖ్యమైన పని: కొత్తగా చేరిన వాళ్లకు

తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ,

చేరి వారం కాలేదు, అప్పుడే అందరి మొహాల్లోనూ టెన్షన్ కనిపిస్తోంది. మన పర్లాకిమిడి డిపోలో పొద్దున్న షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి ఫోన్ ఆగదు. ఒకరు తెలుగులో, ఒకరు ఒడియాలో, అందరూ అర్జెంటనే అంటారు. మీరూ ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల పనికే పరిగెడుతున్నారు. మందుల హోల్‌సేల్‌లో అలా చేస్తే అసలు నష్టం ఎక్కడ జరుగుతుందో చెప్తాను.

మొన్న గురువారం పదకొండు గంటలకి ఒకేసారి నాలుగు పనులు వచ్చాయి. పాతపట్నం నుంచి ఒక షాపాయన దగ్గు సిరప్ పెట్టె ఇప్పుడే కావాలన్నాడు. ఓనరుగారు పోయిన నెల అమ్మకాల షీటు పంపమని వాట్సాప్ పెట్టారు. పలాస వెళ్లాల్సిన సరుకు వ్యాన్ పాడై ఆగిపోయింది. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో థర్మామీటర్ 1 డిగ్రీ చూపిస్తోంది. మీలో ముగ్గురు సిరప్ పట్టుకున్నారు, ఒకరు షీటు మొదలుపెట్టారు, ఫ్రిజ్ దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. దానికి నోరు లేదు కదా.

నేనైతే ప్రతి పనికీ ఒకటే అడుగుతాను: ఇది సాయంత్రం చేస్తే ఏం పాడవుతుంది? సిరప్ సాయంత్రం బండిలో వెళ్తే షాపాయన విసుక్కుంటాడు, అంతే. షీటు ఎప్పటికి కావాలని ఓనరుగారిని అడిగితే చాలు, చాలాసార్లు రేపటికి అంటారు (అడగడానికి భయపడకండి, ఆయన కోప్పడరు). వ్యాన్ సంగతి వేరు, దానికి నిజంగానే గడియారం ఉంది. సరుకు విలువ యాభై వేలు దాటింది కాబట్టి ఈ-వే బిల్లు ఉండాలి, 200 కిలోమీటర్ల లోపు దూరానికి అది తీసిన మర్నాటి అర్ధరాత్రి వరకే చెల్లుతుంది. మనం బుధవారం తీశాం, అంటే గురువారం రాత్రి పన్నెండు వరకు టైముంది. వేరే బండి మాట్లాడి, బిల్లులో బండి నంబరు మార్చి, మధ్యాహ్నం పంపినా సరిపోతుంది. ముందు నాలుగు ఫోన్లు చేసి బండి వెతకమని ఒకరికి అప్పగిస్తే చాలు, మిగతావాళ్లు గాభరా పడక్కర్లేదు.

ఇక ఫ్రిజ్. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒకసారి గడ్డకడితే కరిగాక బాగానే ఉన్నట్టు కనిపించినా అమ్మకూడదు, పారేయాల్సిందే. 1 డిగ్రీ అంటే ఇంకా గడ్డకట్టి ఉండకపోవచ్చు, కానీ వెనక గోడకి ఆనిన పెట్టెల దగ్గర చల్లదనం ఇంకా ఎక్కువ. అందుకే మొదట వాటిని ముందుకు జరపాలి, గడ్డకట్టినట్టు అనుమానమున్నవి వేరే పెట్టి నాకు చూపించాలి, నాబ్ తగ్గించాలి, అరగంట తర్వాత మళ్లీ చూసి రిజిస్టర్లో టైముతో రాయాలి. పావుగంట పని. ముఖ్యమూ అర్జెంటూ రెండూ అయిన పని ఆ రోజు ఇదొక్కటే.

1954లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఒక ప్రసంగంలో, ఒక పాత కాలేజీ పెద్దాయన మాటగా, అర్జెంటువి ముఖ్యమైనవి కావు, ముఖ్యమైనవి ఎప్పుడూ అర్జెంటువి కావు అన్నాడు. రెండో సగం మన ఫ్రిజ్‌కి సరిపోదు. ముఖ్యమైన పనిని వదిలేస్తే ఏదో ఒక రోజు అది అర్జెంటై కూర్చుంటుంది. వేడిగా ఉన్నప్పుడు నాబ్ ఫుల్లుగా పెట్టారు, వాన పడి చల్లబడ్డాక ఎవరూ తగ్గించలేదు. రోజూ రెండు పూటలా థర్మామీటర్ చూసి ఉంటే బుధవారమే తెలిసేది.

ఎక్స్‌పైరీ కూడా అంతే, అది అసలు ఫోన్ చెయ్యదు. మూడు నెలల్లో డేటు అయిపోయే స్ట్రిప్పుల్ని ముందే తీసి పెడితే కొన్ని షాపులకి అమ్ముకోవచ్చు, మిగిలినవి కంపెనీకి తిప్పి పంపవచ్చు. ఒక్కో కంపెనీకి ఒక్కో గడువు, అది దాటితే డబ్బు మనదే పోతుంది. ఖాళీ దొరికినప్పుడు చూద్దాం అనుకుంటే ఆ ఖాళీ ఈ డిపోలో దొరకదు. అందుకే పదకొండు నుంచి పన్నెండు వరకు ఫోన్లన్నీ ఒక్కరే ఎత్తుతారు, మిగతావాళ్లు ర్యాకుల దగ్గర ఉంటారు. ఆ గంటలో నేను పిలిచినా, సరుకు పాడయ్యే సంగతి కాకపోతే, పన్నెండు తర్వాత వస్తామని చెప్పండి.

సోమవారం నుంచి మొదలు. ఫ్రిజ్ రిజిస్టరు పొద్దున్న ఎవరు రాస్తారో, సాయంత్రం ఎవరు రాస్తారో, ఆ గంట ఫోన్ ఏ రోజు ఎవరిదో మీలో మీరు మాట్లాడుకుని శనివారం లోపు నాకు పేర్లు పంపండి.