ఎరుపు పోగొట్టే చుక్కలే ఎరుపు తెస్తుంటే

ప్రశ్న: "కళ్లు ఎర్రబడుతున్నాయని మెడికల్ షాపులో చుక్కలు తీసుకున్నాను. రోజూ ఆఫీసుకు వెళ్లే ముందు వేసుకుంటాను. మొదట్లో సాయంత్రం దాకా తెల్లగా ఉండేవి, ఇప్పుడు రెండు గంటలకే మళ్లీ ఎర్రబడుతున్నాయి. వేరే చుక్కలకు మారాలా, డాక్టర్‌కి చూపించాలా? ఉండేది చెన్నైలో."

మారకండి, మానేయండి. అయితే వెలుతురు చూస్తే కన్ను నొప్పెట్టడం, చూపు మసకబారడం, గుడ్డు లోపల పోటు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మానడం సంగతి తర్వాత, ముందు ఇవాళే కంటి డాక్టర్ దగ్గరకు వెళ్లండి. చుక్కలు తెచ్చే ఎరుపు, డాక్టర్‌కి చూపించాల్సిన ఎరుపు, నాకు ఈ రెండూ ఒకేసారి వచ్చాయి, ఒకదాని వెనక ఇంకొకటి దాక్కుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది నెల్లూరు. ఇప్పుడు పెరంబూరులో కాపురం. ప్యారిస్ కార్నర్ దగ్గర ఒక కాగితాల హోల్‌సేల్ కొట్లో లెక్కలు చూస్తాను. పొద్దున్నే బండి మీద వెళ్తే దుమ్ము, కొట్లోకి వెళ్తే కాగితపు నుసి, సాయంత్రం దాకా కంప్యూటర్. కళ్లు ఎర్రబడడానికి ఇంతకంటే ఏం కావాలి? మా ఓనర్‌కి పరాచికాలెక్కువ. వచ్చినవాళ్లందరి ముందూ "ఏం నాయనా, రాత్రి కాస్త ఎక్కువైందా?" అనేవాడు. నేను కాఫీ తప్ప ఇంకేం తాగనివాణ్ణి. ఆ మాట పడలేక దీపావళి తర్వాత ఒకరోజు షాపులో అడిగి చుక్కలు కొన్నాను.

వేసుకున్న రెండు నిమిషాల్లో కళ్లు పాలలా తెల్లబడ్డాయి. చల్లగా కూడా ఉంది. ఆ చల్లదనం అందులో కలిపే మెంథాల్‌ది, దానివల్ల కంటికి ఒరిగేదేమీ లేదని తర్వాత తెలిసింది. డిసెంబర్‌లో రోజుకొకసారి వేసేవాణ్ణి. సంక్రాంతికి రెండుసార్లయింది. మార్చి వచ్చేసరికి సీసా చొక్కా జేబులోనే ఉండేది, రోజుకు ఐదారుసార్లు వేస్తున్నాను. పొద్దున నిద్ర లేచేసరికి కళ్లు మొదటికంటే ఎర్రగా ఉండేవి. "చూశావా, చుక్కలు లేకపోతే నా కళ్లు ఎంత ఘోరంగా ఉన్నాయో" అనుకున్నానే తప్ప, చుక్కల వల్లే అలా ఉన్నాయేమో అన్న అనుమానం ఒక్కరోజు కూడా రాలేదు.

మీ సీసా మీద మందు పేరు చూడండి. నాఫజోలిన్, టెట్రాహైడ్రోజోలిన్, ఆక్సిమెటజోలిన్, ఇలా చివర 'జోలిన్' అని ఉంటే, లేదా ఫినైలెఫ్రిన్ అని ఉంటే, అన్నీ ఒక జాతివే. కంటి తెల్లగుడ్డు మీద సన్నని రక్తనాళాలుంటాయి. దుమ్ము పడినా, కన్ను పొడిబారినా, అలర్జీ వచ్చినా అవి ఉబ్బుతాయి, మనకు ఎరుపు కనిపిస్తుంది. ఈ మందు ఆ నాళాలను బిగించేస్తుంది. లోపల రక్తం తగ్గుతుంది కాబట్టి కన్ను తెల్లబడుతుంది. ఎందుకు ఉబ్బాయో ఆ కారణం మాత్రం అక్కడే ఉంటుంది.

పదే పదే బిగిస్తుంటే రెండు జరుగుతాయి. నాళాలు మందుకు అలవాటుపడి, అదే చుక్క మునుపటంత సేపు పనిచేయదు. మీ రెండు గంటల లెక్క అదే. ఇక మందు దిగిపోగానే నాళాలు మునుపటికంటే ఎక్కువగా తెరుచుకుంటాయి. ఆ కొత్త ఎరుపు చూసి మళ్లీ చుక్క వేస్తాం, అది దిగగానే మళ్లీ ఎరుపు. దీనికి తోడు చాలా సీసాల్లో పాడవకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ అనే పదార్థం, రోజూ ఐదారుసార్లు పడితే కంటి మీది నీటి పొరను చెడగొడుతుంది. పొడిబారిన కన్ను ఇంకా ఎర్రబడుతుంది. మూడు రోజులకు మించి వాడొద్దన్న హెచ్చరిక ఇలాంటి చుక్కలకు మామూలే. నా సీసా అట్ట మీదా ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. ఐదో నెలలో చదివాను.

ఇక రెండో సంగతి. ఏప్రిల్ రెండో వారంలో కుడికన్ను వేరే రకంగా ఇబ్బంది పెట్టింది. బండి మీద వెళ్తుంటే ఎండకు తెరవలేకపోయేవాణ్ణి. చెన్నై ఎండ కదా, ఎవరికైనా అంతేలే అనుకున్నాను. లెక్కల పుస్తకం నుంచి తలెత్తి వాకిలి వైపు చూస్తే కనుబొమ్మ దాకా పోటు. పుసి లేదు, రెప్పలు అంటుకోవడం లేదు. చుక్కలు ఒకటి ఎక్కువ వేశాను.

మూడో రోజు పొద్దున అద్దంలో చూసుకుంటే, ఎడమకన్ను ఎప్పట్లాగే పూర్తిగా తెల్లబడింది. కుడికంట్లో మూలలు తెల్లబడ్డాయి గానీ నల్లగుడ్డు చుట్టూ మాత్రం గులాబీ, ఊదా కలిసిన సన్నని వలయం అలాగే ఉంది. మరో చుక్క వేసి పది నిమిషాలు ఆగాను. కదల్లేదు. మా ఆవిడ దగ్గరికొచ్చి చూసి, "ఏవండీ, ఇది వేసుకునేది కాదు, చూపించుకునేది, పదండి" అంది.

డాక్టరమ్మ మొదట నా కుడికన్ను మూయించి, బాగున్న ఎడమకంట్లోకి టార్చి వేశారు. మూసి ఉన్న కుడికన్ను సూది గుచ్చినట్టు నొప్పెట్టింది. ఒక కంట్లో వెలుగు పడితే రెండు కళ్ల పాపలూ కలిసే ముడుచుకుంటాయట. లోపల రంగు పొర, అంటే ఐరిస్, వాచి ఉంటే ఆ ముడుచుకోవడమే నొప్పి. తర్వాత స్లిట్ ల్యాంప్‌లో, అంటే కంటిని పెద్దది చేసి చూపే యంత్రంలో చూసి, సినిమా హాల్లో ప్రొజెక్టర్ వెలుగులో దుమ్ము తేలినట్టు, కంటి ముందు భాగంలోని నీటిలో కణాలు తేలుతున్నాయన్నారు. ఐరైటిస్, అంటే ఆ ఐరిస్ వాపు. నా చుక్కలు పై నాళాలనే బిగిస్తాయి, ఆ వలయం లోతుగా ఉన్న నాళాలది, అందుకే చెరగలేదు. "ఇన్నాళ్లూ ఎరుపు చెరిపేసుకుంటూ వచ్చారు, లేకపోతే మొదటి రోజే తేడా తెలిసేది" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఇంకో నాలుగైదు రోజులు ఆగి ఉంటే ఐరిస్ వెళ్లి వెనకున్న లెన్స్‌కు అతుక్కునే ప్రమాదం ఉందట. పాప వంకర కావడం, కంట్లో ఒత్తిడి పెరగడం దాని తర్వాతి మెట్లు. మందుగా ప్రెడ్నిసోలోన్ స్టెరాయిడ్ చుక్కలు మెలకువగా ఉన్నంతసేపూ గంటకొకటి, సీసా బాగా ఊపి వేయమన్నారు. అడుగున పేరుకునే మందు అది. పాప పెద్దది చేసే హోమాట్రోపిన్ వేరే. దాంతో దగ్గరి అక్షరాలు అలుక్కుపోయి వారం రోజులు బండీ లేదు, లెక్కలూ లేవు. తర్వాత స్టెరాయిడ్‌ను ఆరు వారాల్లో మెల్లగా తగ్గించారు. మధ్యమధ్య కంటి ఒత్తిడి చూశారు. పొద్దున లేవగానే నడుము పట్టేస్తుందా అని కూడా అడిగారు. కన్నుకీ నడుముకీ ఏం సంబంధమనిపించింది గానీ, కొన్ని వెన్నెముక కీళ్ల జబ్బులు మొదట కంట్లోనే బయటపడతాయట.

పాత చుక్కలు ఆ రోజే ఆపేశాను. ఇక్కడొక చిత్రం జరిగింది. స్టెరాయిడ్ పడిన కుడికన్ను పది రోజుల్లో తెల్లబడింది. ఏ జబ్బూ లేని ఎడమకన్ను మాత్రం చుక్కలు మానిన మొదటి వారం నిప్పుకణికలా ఉంది, పూర్తిగా నెమ్మదించడానికి నెల పట్టింది. దానికి ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు, అంటే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, చల్లటి తడిగుడ్డ, అంతే. ఓనర్ పరాచికాలు మాత్రం మామూలే. ఎడమకంట్లో కూడా స్టెరాయిడ్ ఒక్క చుక్క వేసుకుంటే పోలా అనిపించింది. అడిగితే డాక్టరమ్మ గట్టిగా కోప్పడ్డారు. స్టెరాయిడ్ ఏ ఎరుపునైనా తగ్గిస్తుంది గానీ, కంటి ఒత్తిడి పెంచుతుంది, శుక్లం తెస్తుంది, నల్లగుడ్డు మీద హెర్పిస్ గానీ ఫంగస్ గానీ ఉంటే కన్నే పోవచ్చు. కాబట్టి షాపులో "ఇది ఇంకా బాగా పనిచేస్తుంది" అని ఏదైనా చేతిలో పెడితే, అందులో స్టెరాయిడ్ ఉందేమో చూసుకోండి.

మీ విషయానికొస్తే, రెండు కళ్లూ ఒకేలా ఎర్రబడి, చూపు బాగుండి, నొప్పి లేకపోతే అది చాలావరకు చుక్కల పుణ్యమే. రెండూ ఒకేసారి మానలేకపోతే ముందు ఒక కంటికి మానండి. మానిన కన్ను కొద్దిరోజులు ఎర్రగా ఉండి తర్వాత నెమ్మదిస్తే, దోషం ఎక్కడుందో మీకే కనిపిస్తుంది. అది తేరుకున్నాక రెండోది. నెల దాటినా తగ్గకపోతే పొడికన్నో అలర్జీయో రెప్పల అంచు వాపో ఉందన్నమాట, దానికి మందు వేరే.

మన ఊళ్లో ఏ కన్ను ఎర్రబడినా "మెడ్రాస్ ఐ"లే అని వదిలేస్తాం. కళ్లకలకలో కన్ను గరగరలాడుతుంది, నీళ్లో పుసో కారుతుంది, తరచూ ఒకట్రెండు రోజుల్లో రెండో కంటికీ వస్తుంది, రెప్పలాడిస్తే చూపు తేటపడుతుంది. ఒక్క కన్నే, పుసి లేకుండా, వెలుతురుకు నొప్పెడుతూ, నల్లగుడ్డు చుట్టూ ఎర్రబడితే అది కళ్లకలక కాదనుకోండి. కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లు ఎర్రబడి నొప్పెడితే లెన్స్ తీసేసి అదే రోజు వెళ్లాలి. లైట్ల చుట్టూ రంగుల వలయాలు, తలనొప్పి, వాంతులు కలిస్తే రాత్రయినా ఆగకూడదు, అది కంట్లో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగే గ్లాకోమా కావచ్చు. కొందరికి కంటి నిర్మాణం వల్ల ఈ జోలిన్ చుక్కలే దాన్ని రేపుతాయి కూడా. యాసిడో సున్నమో పడితే ముందు కుళాయి కింద కనీసం పావుగంట కడిగి అప్పుడు బయల్దేరండి. నొప్పి లేకుండా తెల్లగుడ్డు మీద రక్తం చిందినట్టు ఒక మచ్చ మాత్రమే ఉంటే భయం లేదు, రెండు వారాల్లో అదే పోతుంది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ సీసా ఇవాళే వాళ్లకు అందకుండా పెట్టండి. ఒకటి రెండు మిల్లీలీటర్లు మింగినా పిల్లలు మత్తులోకి జారి, ఊపిరి మందగించి ఆసుపత్రిలో చేరాల్సి రావచ్చు.

డబ్బులకు వెనకాడుతుంటే ఎగ్మూరులో ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, 1819 నుంచి నడుస్తోంది, పొద్దున్నే వెళ్లండి. వెళ్లే రోజు మాత్రం ఆ చుక్కలు వేసుకోకండి. నేను అలవాటు కొద్దీ వేసుకునే వెళ్లాను, ఎడమకన్ను అసలు రంగు ఏమిటో చూడడానికి మర్నాడు మళ్లీ రమ్మన్నారు. సీసా మాత్రం వెంట తీసుకెళ్లండి.