కప్ప ముందే బయటపడకూడదు

సందేహం: ఇంగ్లీషు బొమ్మల పుస్తకం ఒకటి తెలుగు చేస్తున్నాను. బొమ్మ పక్కన వదిలిన జాగాలో తెలుగు పట్టడం లేదు. అక్షరం సైజు తగ్గిస్తే పిల్లలకు ఆనడం లేదు. పైకి చదివితే కథలా కాక పాఠంలా వినిపిస్తోంది. ఏం చెయ్యాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, ఖమ్మం

సమాధానం: అక్షరం సైజు తగ్గించకండి, మాటలు తగ్గించండి. ఏ మాటలు తగ్గించాలో బొమ్మే చెబుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కుడి పేజీలో పిల్లికూన తలుపు తోస్తోంది. పేజీ తిప్పితే చాప మీద పెద్ద కప్ప. ఇంగ్లీషులో కర్త, క్రియ ముందే వచ్చేస్తాయి కాబట్టి కప్పను వాక్యం చివరికి, అంటే పేజీ తిప్పాక కనిపించే చోటికి నెట్టవచ్చు. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే ఇలా వస్తుంది: “చిన్న పిల్లికూన పాత చెక్క తలుపును తోసి, చాప మీద కూర్చుని ఉన్న ఒక పెద్ద కప్పను చూసింది.” వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ మన క్రియ చివర ఉంటుంది కాబట్టి కప్ప దానికంటే ముందే వచ్చేసింది. ఈ వాక్యాన్ని రెండు పేజీలకు పంచితే రెండో పేజీకి “చూసింది” ఒక్కటే మిగులుతుంది. బొమ్మలో కప్ప కనబడేసరికి చెవిలో అది పాతబడిపోతుంది.

అదే సంగతిని ఇలా చెప్పి చూడండి. కుడి పేజీలో: “పిల్లికూన తలుపు తోసింది. కిర్రుమంది. చాప మీద ఎవరో కూర్చున్నారు.” పేజీ తిప్పాక: “ఇంత లావు కప్ప!”

పద్నాలుగు మాటలు పదకొండయ్యాయి, అందులో మొదటి పేజీకి ఎనిమిదే. చిన్నది, చెక్కది అన్న సంగతులు బొమ్మలో ఉన్నాయి కాబట్టి వదిలేశాను. తలుపు పాతదన్నది మాత్రం వదలలేదు, “కిర్రుమంది”లోకి మార్చాను. పైకి చదివేవారికి విశేషణం కంటే చప్పుడు బాగా పనికొస్తుంది. “ఏదో ఉంది” అనకుండా “ఎవరో కూర్చున్నారు” అన్నాను. “ఏదో” అంటే జంతువో వస్తువో అని తెలిసిపోతుంది, “ఎవరో” అంటే ఇంకా తెలియదు. “ఇంత” అన్నప్పుడు చదివేవారి చేయి దానంతట అదే బొమ్మ మీదికి వెళుతుంది. కత్తిరించే ముందు ఒక్కటి చూసుకోండి: మీరు వదిలేసిన వివరం నాలుగు పేజీల తర్వాత కథకు అవసరమవుతుందేమో.

ఇక పాఠంలా వినిపించడం. దీనికి “తోసి, చూసి, వెళ్లి, కూర్చుని” అనే గొలుసు ఒక కారణం. ఊపిరి తీసుకునే చోటు లేకపోతే చదివేవారు గొంతు మార్చలేరు. రెండో కారణం “అని అంది”. మాట ముందు వచ్చి, అన్నది ఎవరో చివర తెలిస్తే, కప్ప గొంతుతో చదవాల్సిన మాటను పిల్లి గొంతుతో చదివేస్తాం. “కప్ప నోరు తెరిచింది” అని ముందే చెప్పి, ఆ తర్వాత దాని మాట పెట్టండి.

మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి ఉంటే దానికి ఇంగ్లీషు ప్రాసను వెతక్కండి. “వచ్చింది, వెళ్లింది, తిన్నది” అని క్రియలతో అంత్యప్రాస కడతారు చాలామంది. మన మామూలు మాటే సగం అలా ముగుస్తుంది కాబట్టి అది చెవికి ప్రాసగా ఆనదు. నడక మీద దృష్టి పెట్టండి. “కప్పగారూ, నేను లోపలికి రావచ్చా?” అన్నది వచనం. “కప్పా కప్పా లోపలికొస్తా” అంటే నాలుగేసి మాత్రల చొప్పున నాలుగు అడుగులు: కప్పా, కప్పా, లోపలి, కొస్తా. రెండోసారికే పిల్లలు అందుకుంటారు. కథలో మిగతాచోట్ల “లోపలికి వస్తా” అని విడదీసి రాసినా, పల్లవిలో సంధి ఉంచండి. అక్కడ గొంతుదే పైచేయి.

జాగా కొలిచేటప్పుడు వెడల్పు ఒక్కటే చూడకండి. పైన గుడి, కింద ఒత్తు ఉండే లిపి మనది. “రాష్ట్రం” వంటి మాటలో ఒత్తు కింద ఒత్తు వస్తే కింది వరుసలోని గుడిని తాకుతుంది. ఇంగ్లీషుకు పెట్టిన వరుసల దూరం మనకు చాలదు. ఇరవై పాయింట్ల అక్షరానికి దాదాపు ముప్పై పాయింట్ల దూరం ఇచ్చి, అప్పుడు ఎన్ని వరుసలు పడతాయో లెక్కపెట్టుకుని రాయడం మొదలుపెట్టండి. వరుసను మాట మధ్యలో విరవకండి, ఊపిరి ఆగే చోట విరవండి.

ప్రచురణకర్తను ముందే రెండు విషయాలు అడగండి. మొదటిది, కుదించడానికి అనుమతి ఉందా అని. స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైటులోని పుస్తకాల వంటి స్వేచ్ఛా లైసెన్సు ఉంటే మూలకర్తల పేర్లు ఇచ్చి మార్చుకోవచ్చు, మిగతావాటికి రాతపూర్వకంగా తీసుకోవాలి. రెండోది, బొమ్మలోనే గీసిన చప్పుళ్ల మాటలు బొమ్మ ఫైలులో విడి పొరలో ఉన్నాయా అని. రంగుల బొమ్మను అచ్చువేయడానికి రంగుకొకటి చొప్పున నాలుగు ప్లేట్లు వాడతారు. వేరే భాషల్లోనూ వేసే పుస్తకాల్లో అక్షరాలను నలుపులోనే ఉంచుతారు, భాష మారినప్పుడు నలుపు ప్లేటు ఒక్కటి మారిస్తే సరిపోతుందని. చీకటి బొమ్మ మీద తెల్ల అక్షరాలుంటే నాలుగు ప్లేట్లూ మార్చాలి. ఖర్చు పెరుగుతుంది, కాబట్టి ఆ పేజీల లెక్క వారికి ముందే ఇవ్వండి.