పండగ టోర్నీలో ఓడిన జట్టుకీ, మాస్టారికీ ఏం రాయాలి?

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీస్సులు. మన జట్టు ఓడిన సంక్రాంతి కబడ్డీ ఫైనల్ ఫోన్లో లైవ్ చూశావనీ, ఆట నేర్పిన మాస్టారికీ కుర్రాళ్లకీ నాలుగు మాటలు రాయాలని ఉందనీ, కానీ ఓడినవాళ్లకి శుభాకాంక్షలు ఎలా చెప్పాలో తోచడం లేదనీ అన్నావు. నాకు తెలిసింది చెబుతాను.

ముందు ఎప్పుడు పంపాలో చూడు. కనుమ రాత్రి ఫైనల్ అయిపోయింది కదా అని ఆ రాత్రే పంపితే లాభం లేదు. ఆ వేళ మాస్టారికి ఊపిరి సలపదు. మడమ బెణికినవాడికి ఐసు పెట్టించాలి, అద్దె వ్యాన్ లెక్క తేల్చాలి, పక్క ఊళ్ల పిల్లల్ని ఇళ్లకి చేర్చాలి. కుర్రాళ్లేమో తెల్లారేదాకా ఆ చివరి రైడ్ గురించే వాదించుకుంటారు. పైగా ఆ మూడు రోజులూ అందరి ఫోన్లూ ముగ్గుల బొమ్మలతో, హరిదాసు బొమ్మలతో నిండి ఉంటాయి. నీ మాట వాటి కింద పడిపోతుంది. ముక్కనుమ వెళ్లిన మర్నాడు సాయంత్రం పంపు. అలాగని జనవరి నెలాఖరుదాకా లాగకు. రిపబ్లిక్ డే ఆటలు మొదలైతే వాళ్ల ధ్యాస అటు పోతుంది.

రాయడానికి కూర్చునే ముందు రెండో సగంలో చివరి ఐదు నిమిషాలు మళ్లీ చూడు. "బాగా ఆడారు, గెలుపోటములు సహజం" అని ఎవరైనా రాస్తారు, ఆట చూడనివాళ్లు కూడా రాస్తారు. నువ్వు చూశావని వాళ్లకి తెలియాలంటే ఆటలో జరిగిన ఒక్క సంగతైనా సరిగ్గా పట్టుకుని చెప్పాలి. ఆ సంగతి ఏమిటో ఇద్దరం కలిసి చూద్దాం.

స్కోరు 26–29. మనవాళ్లు ముగ్గురే మిగిలారు, రెండు అంచుల్లో నిలిచే కార్నర్లూ, వాళ్లకి లోపలివైపు నిలిచే ఒక కవరూ. అవతలి జట్టులో ఆరుగురున్నారు, వాళ్లలో ఒకడు కూత పెడుతూ రైడ్‌కి వచ్చాడు. ముగ్గురే ఉన్నప్పుడు మామూలుగా జరిగే పొరపాటు ఏమిటంటే, ఎవరో ఒకడు ఆత్రంగా ముందే దూకుతాడు. దూకినవాడిని రైడర్ ముట్టుకుని తప్పుకుంటాడు, సాయం రావడానికి రెండోవాడు దూరంగా ఉంటాడు. మనవాళ్లు అలా చెయ్యలేదు. రైడర్ లోపలికి వస్తుంటే వెనక్కి జరుగుతూ చోటిచ్చారు. అతను తిరిగి వెళ్లడానికి ఒళ్లు మళ్లించిన క్షణంలో లెఫ్ట్ కార్నర్ కిందికి వంగి మడమ రెండు చేతులతో పట్టాడు. అదే ఊపులో కవర్ వచ్చి అతనికీ నడిమి గీతకీ మధ్య అడ్డం నిలిచి నడుము పట్టాడు. ముగ్గురు లేక అంతకంటే తక్కువమంది ఉండి రైడర్‌ని ఆపితే సూపర్ టాకిల్, రెండు పాయింట్లు. 28–29 అయింది.

తర్వాతి రైడ్ మనది. అంతకుముందు మన రైడ్‌లు రెండు వరసగా ఖాళీగా వచ్చాయి. ఈ టోర్నీలో మూడో రైడ్ నిబంధన పెట్టారు కాబట్టి, ఈసారి పాయింటు తేకపోతే రైడర్ అవుటే. మనవాడు నేరుగా, దాటితే ఒక పాయింటు వచ్చే బోనస్ గీత మీదికి వెళ్లాడు. గీత అవతల ఒక కాలు మోపి, రెండో కాలు గాల్లోనే ఉంచాడు. చక్కగా వేశాడు. కానీ ఎదుటి కోర్టులో కనీసం ఆరుగురుంటేనే బోనస్ చెల్లుతుంది. వాళ్లు ఆరుగురిలో ఒకడిని మనవాళ్లే అప్పుడే అవుట్ చేశారు. మిగిలింది ఐదుగురు. బోనస్ ఎప్పుడో మూసుకుపోయింది. అంత లోపలికి వెళ్లినవాడిని వాళ్లు పట్టేశారు, 28–30. ఆ తర్వాత స్కోరు కదలలేదు.

ఇప్పుడు చెప్పు, తప్పెవరిది? జనం అంతా రైడర్‌ది అంటున్నారు. సూపర్ టాకిల్ రాగానే మనవాళ్లు ఎగిరి గంతులేశారు, వెయ్యాల్సిందే, తప్పు లేదు. అయితే ఒక రైడ్ ముగిశాక ఐదు సెకన్లలో మనవాడు బయల్దేరాలి. ఆ ఐదు సెకన్లూ సంబరంలో పోయాయి. ఎదుట ఎంతమంది మిగిలారో కెప్టెన్ లెక్కపెట్టలేదు, కవర్ లెక్కపెట్టలేదు, బయట కూర్చున్న ఐదుగురూ లెక్కపెట్టలేదు. రైడర్‌కి తెలిసిందల్లా, ఇందాకటిదాకా ఆరుగురున్నారని. అది ఒకడి తప్పు కాదు, జట్టుకి లేని అలవాటు. నువ్వు రాసే ఉత్తరంలో ఈ తేడా కనబడాలి. కనబడితే ఆ అబ్బాయి మళ్లీ తలెత్తుకుని గ్రౌండ్‌కి వస్తాడు.

మాస్టారికి వేరుగా, జట్టుకి వేరుగా రాయి. రెండూ కలిపి గ్రూపులో పెట్టకు. పిల్లలందరి ముందూ తన గురించి రాసిన పొగడ్త ఆయన్ని ఇబ్బంది పెడుతుంది, నీతో విడిగా చెప్పాలనుకున్నది చెప్పలేకపోతారు. ఆయన ఉత్తరంలో ముందు నువ్వెవరో చెప్పు. ఇన్నేళ్లలో ఎంతోమంది పిల్లలు ఆయన చేతికింద ఆడారు. ఇంటిపేరు చెబితే గుర్తు రాకపోవచ్చు, ఏ యేడు ఏ స్థానంలో ఆడావో చెబితే ఇట్టే గుర్తొస్తావు. తర్వాత ఆయన నేర్పింది మొన్నటి ఆటలో నీకు ఎక్కడ కనబడిందో రాయి. బోనస్ సంగతి ఆయనకి రాయకు. ఆయన గీత పక్కనే నిలబడి చూశారు, నీకంటే ముందే తెలుసు. అంపైర్ ఊసు అసలొద్దు. ఆయన వచ్చే యేడు కూడా ఆ అంపైర్ల ముందే పిల్లల్ని ఆడించాలి. నీ ఉత్తరం నలుగురి చేతుల్లో తిరిగితే మాట ఆయన మీదికే వస్తుంది.

ఇదిగో, ఇలా ఉంటే చాలు:

"మాస్టారికి నమస్కారం. నేను 2014 జట్టులో మీ దగ్గర లెఫ్ట్ కార్నర్ ఆడినవాణ్ణి. మీకూ ఇంట్లో అందరికీ పండగ శుభాకాంక్షలు. ఫైనల్ చూశాను. ముగ్గురే మిగిలినా పిల్లలు తొందరపడలేదు, రైడర్ వెనక్కి తిరిగేదాకా ఆగి పట్టారు. అలా ఆగడం మాకు మీరే నేర్పారు. ఈ పిల్లల్లో మళ్లీ చూసి చాలా సంతోషం వేసింది. మడమ బెణికిన అబ్బాయికి ఎలా ఉంది? ఉగాదికి ఊరొస్తాను. మీరు సరేనంటే ఒక పూట గ్రౌండ్‌కి వచ్చి పిల్లలతో పాటు డిఫెన్స్‌లో నిలబడతాను."

ఇంతకంటే పెంచకు. "మీరు దేవుడు, మీ రుణం తీర్చుకోలేను" లాంటివి ఆయన చదివి పక్కన పెట్టేస్తారు. మడమ ఎలా ఉందన్న ప్రశ్నకి మాత్రం తప్పకుండా జవాబిస్తారు, ఎందుకంటే ఆయనకి ఇప్పుడున్న బెంగ అదే. ఉగాదికి వస్తానని రాస్తే రావాలి సుమా. రాలేననుకుంటే ఆ వాక్యం తీసెయ్యి.

జట్టుకి రాసేటప్పుడు పన్నెండుమందినీ గుర్తుపెట్టుకో. కోర్టులో ఏడుగురే కనబడతారు. మిగతా ఐదుగురు పండగ మూడు రోజులూ జెర్సీ వేసుకుని గీత బయటే కూర్చున్నారు. వాళ్ల ప్రస్తావన లేని ఉత్తరం ఏడుగురికే చేరుతుంది. రైడర్‌ని పేరు పెట్టి ఓదార్చకు. అందరి ముందూ "నీ తప్పేం లేదు తమ్ముడూ" అంటే, ఎవరో తప్పంటున్నారని చాటినట్టే అవుతుంది. అతనికి విడిగా ఫోన్ చెయ్యి. ముందు బోనస్ మాట ఎత్తకుండా అంతకుముందు అతను తెచ్చిన పాయింట్ల గురించి మాట్లాడు. చివరి రైడ్ సంగతి అతనే ఎత్తితే అప్పుడు లెక్క సంగతి చెప్పు.

"తమ్ముళ్లందరికీ పండగ శుభాకాంక్షలు. కోర్టులో ఉన్న ఏడుగురికీ, గీత బయట సిద్ధంగా ఉన్న ఐదుగురికీ. 26–29 దగ్గర ముగ్గురే ఉండి పట్టిన ఆ సూపర్ టాకిల్ ఇక్కడ మా రూమ్‌లో నాలుగుసార్లు వేసుకుని చూశాం. ఫైనల్ రెండు పాయింట్ల తేడాతో పోయింది. మన బలంలో లోటు లేదు. ఎదుట ఎంతమంది ఉన్నారో ప్రతి రైడ్‌కి ముందు ఒకరు పైకి చెప్పే అలవాటు ఒక్కటీ చేసుకుంటే వచ్చే పండక్కి ఈ రెండు పాయింట్లూ మనవే. ఎలా చెయ్యాలో మాస్టారు చూపిస్తారు."

చివరి వాక్యం ఉంది కాబట్టి జట్టు ఉత్తరం ముందు పంపకూడదు. మాస్టారికి మొదట పంపు. ఆయన జవాబిచ్చాకో, ఫోన్ చేశాకో, "మాస్టారూ, పిల్లలకి లెక్క చెప్పే అలవాటు గురించి ఒక మాట రాయమంటారా" అని అడుగు. సరే అంటేనే ఆ రెండు వాక్యాలూ ఉంచు. గురువుని దాటి శిష్యులకి ఆట చెప్పడం మర్యాద కాదు. పిల్లలు కూడా ఎవరి మాట వినాలో తెలియక తికమకపడతారు.

ఎలా చేయించాలని ఆయన నిన్నే అడిగితే ఇలా చెప్పు. సాధన చివర పది రైడ్‌లు. ప్రతి రైడ్‌కీ ముందు ఎదుటి కోర్టులో మనుషుల్ని మార్చాలి, ఒకసారి ఆరుగురు, ఒకసారి ఐదుగురు, ఒకసారి నలుగురు, వరస లేకుండా. రైడర్ అటు తిరిగి నిలబడాలి. ఈల వేశాక ఐదు సెకన్లలో కెప్టెన్ అంకె పైకి చెప్పాలి, రైడర్ "బోనస్ ఉంది" అనో "లేదు" అనో అని నడిమి గీత దాటాలి. తప్పు చెబితే పాయింటు తెచ్చినా ఆ రైడ్ లెక్కలోకి రాదు. మొదటి వారం కెప్టెన్ మర్చిపోతాడు, ముఖ్యంగా మంచి టాకిల్ పడ్డాక. అందుకే టాకిల్ పడిన వెంటనే వేసే రైడ్‌లు పదిలో సగమైనా ఉండాలి. రైడర్ అవతలికి వెళ్లిపోయాక ఎవరు అరిచినా అతనికి ఎక్కదు, కూత మీదే ఉంటాడు. అంకె అతని చెవిన పడాల్సింది గీత దాటకముందే.

ఇంకొక్క సంగతి. ఏదైనా కొనివ్వాలని నీకు ఉంటే గ్రూపులో మొత్తం ప్రకటించకు, మాస్టారిని అడిగి ఆయన చేతికే పంపు. బూట్లు మాత్రం అడక్కుండా కొనకు. మ్యాట్ మీద ఆడే బూట్లకి పట్టుండే రబ్బరు అడుగు కావాలి, ఒక్కొక్కరి కొలత వేరు. మన పిల్లలు సాధన చేసేది మట్టిలో వట్టి కాళ్లతో, వాటి అవసరం మ్యాట్ టోర్నీలకే. వాళ్లకి రోజూ పనికొచ్చేవి మోకాలి ప్యాడ్లు, మడమ పట్టీలు.

ఉత్తరం కాగితం మీద రాసి ఫోటో తీసి పంపినా బాగుంటుంది, మాస్టారు ఫోన్లో చిన్న అక్షరాలు చదవడానికి ఇబ్బంది పడుతున్నారు. జట్టుకి మాత్రం నీ గొంతుతో ఒక నిమిషం మించకుండా వాయిస్ పంపు, సాయంత్రం సాధనకి అందరూ చేరాక కెప్టెన్ వినిపిస్తాడు. ఆరు గంటలలోపు చేరేలా చూడు.

మీ పెదనాన్న