విశేషణాలు తీసేస్తే గదిలో ఏం మిగులుతుంది?

ప్రశ్న: మేడమ్, నేను నల్గొండలో బీఏ ఫైనలియర్ చదువుతున్న. హైదరాబాద్‌లో ఒక కంటెంట్ ఏజెన్సీకి తెలుగు కాపీరైటర్‌గా అప్లై చేస్తే, నాగార్జునసాగర్ ఒడ్డున ఉన్న ఒక లగ్జరీ రిసార్ట్ గది గురించి రాయమని టెస్ట్ ఇచ్చారు. నేను ఇట్ల రాసిన: “కృష్ణమ్మ ఒడిలో, సుందరమైన, ప్రశాంతమైన వాతావరణంలో, అత్యాధునిక సౌకర్యాలతో కూడిన సువిశాలమైన, విలాసవంతమైన మా గదులు మనసును మైమరపించే అద్భుతమైన రిజర్వాయర్ వ్యూతో, రాజసం ఉట్టిపడే చేనేత అలంకరణతో మీకు మరపురాని మధురానుభూతిని అందిస్తాయి.” అది వాపస్ వచ్చింది. “విశేషణాలే ఉన్నయి, గది లేదు. వారంలో మళ్లీ రాయి” అన్నారు. విశేషణాలు తీసేస్తే మామూలు లాడ్జి లెక్క కాదా? ఈ లైన్ నీకు సెట్ కాదు, ఎంబీఏ చూసుకో అంటున్నడు నాన్న. ఏం చేయాలె?

జవాబు: మళ్లీ రాసి పంపు. పనికిరాదు అనుకున్నవాళ్లకు ఏజెన్సీలు కారణం చెప్పవు, రెండో గడువు అసలే ఇవ్వవు. ఎంబీఏ సంగతి ఐసెట్ దరఖాస్తుల టైమ్‌లో నాన్నతో కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఈ వారం మాత్రం ఆ గది మీదే పెట్టు.

నువ్వు రాసిన వాక్యాన్ని పెన్సిల్ పట్టుకుని మళ్లీ చదువు. ఒక్కో మాట దగ్గర ఆగి, దీనికి వ్యతిరేకమైన మాటను ఏ హోటలైనా తన గురించి రాసుకుంటుందా అని అడుగు. ‘ఇరుకైన గది’ అని ఎవరూ రాయరు. కాబట్టి ‘సువిశాలమైన’ అన్నా చదివేవాళ్లకు కొత్తగా ఏమీ తెలియదు. ‘పాతకాలపు సౌకర్యాలు’, ‘గోలగా ఉండే వాతావరణం’ అని కూడా ఎవరూ రాయరు. అదే ‘పడమటి బాల్కనీ’ అంటే వేరు. తూర్పు బాల్కనీ ఉన్న హోటళ్లూ ఉంటాయి, అసలు బాల్కనీయే లేనివీ ఉంటాయి. ఆ మాట ఈ గదిని మిగతా గదుల నుంచి విడదీస్తుంది. అతిథి వచ్చి నిలబడి నిజమో కాదో చూసుకోగలడు కూడా. ఇలాంటి విశేషణాలను కొట్టేయొద్దు. మన కత్తెర పొగడ్త విశేషణాలకే.

ఈ పరీక్ష పెట్టేటప్పుడు చాలామంది ‘మైన’తో ముగిసే మాటలను మాత్రమే పట్టుకుంటారు. నీ వాక్యంలో ‘మైమరపించే’, ‘ఉట్టిపడే’ అనేవి క్రియల వేషంలో వచ్చిన విశేషణాలే. ‘మధురానుభూతి’ నామవాచకంలా కనబడుతుంది కానీ చేసేది పొగడ్తే. ‘కృష్ణమ్మ ఒడి’ మనకు ప్రేమగల మాటే, కానీ బాసర గోదావరి దగ్గరికి తీసుకెళ్లి ‘గోదారమ్మ ఒడి’ అని మార్చినా వాక్యం అలాగే నిలబడుతుంది. అంటే అది సాగర్‌ది కాదు. ఇవన్నీ కొట్టేశాక నీ వాక్యంలో మిగిలేవి మూడే: గది, నీళ్లు, చేనేత. ఇందులో నిరుత్సాహపడాల్సింది లేదు. ఈ మూడింటి గురించి ఇంకా ఏమీ తెలుసుకోలేదని మాత్రమే అర్థం.

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. పోగేసిన విశేషణాలు సాధారణంగా సమాచారం లేని చోట పుడతాయి. అందుకే కూర్చుని ఇంకా మంచి మాటల కోసం వెతక్కు, ఫోన్ చెయ్. రిసార్ట్‌తో మాట్లాడొచ్చా అని ఏజెన్సీనే అడుగు. అలా అడిగే అభ్యర్థిని వాళ్లు గుర్తుపెట్టుకుంటారు. ఒప్పుకుంటే మార్కెటింగ్ వాళ్ల దగ్గర ఆగొద్దు, వాళ్లు నీకు మళ్లీ ‘సువిశాలమైన’ అనే చెబుతారు. హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌తోనో ఫ్రంట్ ఆఫీసులో రాత్రి షిఫ్ట్ చేసే మనిషితోనో మాట్లాడు. గదిలోకి అడుగుపెట్టగానే అతిథులు మొదట ఎటు నడుస్తారు? సాయంత్రం ఎండ ఎంతదాకా వస్తుంది? ఫోన్ చేసి ఎక్కువగా ఏం అడుగుతారు? వెళ్లేటప్పుడు దేని గురించి చెబుతారు? పది నిమిషాల్లో నీకు కావలసినదానికంటే ఎక్కువే దొరుకుతుంది. కుదరకపోతే అతిథులు ఆన్‌లైన్‌లో రాసుకున్న రివ్యూలు చదువు. ‘సూపర్’ అన్నవి వదిలెయ్, వస్తువు పేరు ఉన్నవి ఏరుకో.

చేనేతను తీసుకుందాం, ఎందుకంటే ఇది మన దగ్గరి విషయం. మంచం మీద పోచంపల్లి ఇకత్ దుప్పటి ఉందని వాళ్లు చెప్పారనుకో. ‘సంప్రదాయ’, ‘కళాత్మక’ అని రాయబుద్ధవుతుంది. దానికి బదులు ఆ దుప్పటిలో కంటికి ఏం కనబడుతుందో చూడు. ఇకత్‌లో గుడ్డ నేశాక రంగు వేయరు. నూలునే ముందు డిజైన్ ప్రకారం కట్లు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గం మీదికి ఎక్కిస్తారు. అందుకే గళ్ల అంచులు గీత గీసినట్టు ఉండవు, కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి. రెండు వైపులా డిజైన్ ఇంచుమించు ఒకేలా కనబడుతుంది. ‘అంచులు కొద్దిగా చెదిరిన గళ్లు’ అని రాస్తే ఆ దుప్పటిని చూసినవాళ్లే రాశారని చదివేవాళ్లకు తెలిసిపోతుంది.

ఒక జాగ్రత్త. పోచంపల్లి పేరు రాసేముందు దుప్పటి తిరగేసి ఫొటో పంపమని అడుగు. అటువైపు రంగు వెలిసినట్టు తెల్లగా ఉంటే అది ఇకత్ డిజైన్ అచ్చు వేసిన ప్రింట్ కావచ్చు. అప్పుడు పోచంపల్లి అని రాయొద్దు. పోచంపల్లి ఇకత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరు దేనికి పడితే దానికి తగిలించడం చట్టం ఒప్పుకోదు. పైగా ఆ గదిలోకి వచ్చేవాళ్లలో చీర కొంగు వేళ్ల మధ్య పట్టుకుని ప్రింటో నేతో చెప్పగలిగిన ఆడవాళ్లు చాలామందే ఉంటారు. ఒక్క వివరం అబద్ధమని తేలితే పేజీలో మిగతావి కూడా నమ్మరు. విశేషణం తప్పయితే ఎవరూ పట్టించుకోరు, వివరం తప్పయితే రివ్యూలో పేరు పెట్టి రాస్తారు. ఈ పనిలో ఉన్న బరువు అదే.

నీళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. అంతవరకు నిండినప్పుడు తీసిన ఫొటోనే నీకు పంపి ఉంటారు. ఎండాకాలం నాటికి నీళ్లు బాగా కిందికి దిగి ఒడ్డున రాళ్లు, ఎండిన బురద బయటపడతాయి. ‘బాల్కనీ కిందే అలలు’ అని రాస్తే వానలు బాగా పడి డ్యామ్ నిండిన నెలల్లో నిజం, మే నెలలో అబద్ధం. పేజీ మాత్రం ఏడాదంతా అలాగే ఉంటుంది. కాబట్టి ఏడాదంతా నిలిచే మాట రాయి, లేదా ఎప్పుడో చెప్పి రాయి. గేట్లు ఎత్తే సంగతీ అంతే, పైనుంచి వరద వచ్చినప్పుడే ఎత్తుతారు. పడమటి బాల్కనీలో ఏడాదంతా ఉండేది నీళ్ల మీద దిగే పొద్దు. దాని వెంట ఎండ కూడా వస్తుంది. దాన్ని దాచకు. వేసవిలో ఐదింటికి అక్కడ కూర్చోలేరని నువ్వే చెబితే, ఆరింటి తర్వాత ఎంత బాగుంటుందో చెప్పినప్పుడు నమ్ముతారు.

ఇక నీ అసలు భయం, లగ్జరీ పోతుందేమోనని. డబ్బు పెట్టి గది తీసుకునే మనిషి కొనుక్కునేది తన పని ఇంకొకరు ముందే ఆలోచించి చేసి ఉంచడాన్ని. అలా చేసి ఉంచిన ఒక్క పనిని చూపిస్తే చాలు, ‘విలాసవంతమైన’ అక్కర్లేదు. ఉదాహరణకు పొద్దున ఆరింటికి తలుపు పక్కన ఫ్లాస్కులో చాయ్ పెట్టి పోతారని హౌస్‌కీపింగ్ వాళ్లు చెప్పారనుకో. అది లగ్జరీ. కానీ రోజూ, ప్రతి గదికీ పెడతారా అని రెండుసార్లు అడుగు. ఆదివారాలు మాత్రమే అయితే వదిలెయ్.

వాళ్లు ఈ వివరాలన్నీ నిజమేనన్నారు అనుకుని ఇలా రాయొచ్చు:

“బాల్కనీ పడమటి వైపు. వేసవిలో ఆరింటిదాకా తెర వేసి ఉంచండి, ఆ తర్వాత తీస్తే పొద్దు సాగర్ నీళ్ల మీదికి దిగుతూ ఉంటుంది. మంచం మీది దుప్పటి పోచంపల్లిలో నేసింది. నూలుకే రంగు అద్ది నేస్తారు కాబట్టి గళ్ల అంచులు కొద్దిగా చెదిరి ఉంటాయి. పొద్దున చాయ్ కోసం ఫోన్ చేయనక్కర్లేదు. ఆరింటికి ఫ్లాస్కు మీ తలుపు పక్కన ఉంటుంది.”

ఇందులో గది బాగుందని ఎక్కడా అనలేదు. మిగిలిన విశేషణాలను లెక్కపెడితే ‘పడమటి’, ‘నేసిన’, ‘చెదిరిన’ లాంటివే, మూడూ వచ్చి చూసుకోగలిగినవి. వివరాలు కూడా మూడే పెట్టాను. పరుపు మందం, షవర్ బ్రాండ్, టీవీ సైజు, గది చదరపు అడుగులు కూడా చేరిస్తే విశేషణాల గుట్ట పోయి సామాన్ల జాబితా వస్తుంది. కత్తెర కొత్తగా పట్టినవాళ్లు ఎక్కువగా ఈ పక్కకే జారతారు. ఆ అంకెలు బుక్ చేసుకునేవాళ్లకు కావాలి, కాబట్టి కింద పట్టికలో పెట్టు, పేరాలో కాదు. పేరాలోకి ఏ మూడు వెళ్లాలో తేల్చుకోవడానికి నేను చూసేది ఇది: గదిలో ఉన్నవాళ్లు రోజులో వేర్వేరు వేళల్లో వాటిని కలుస్తారా? పై పేరాలో సాయంత్రం ఉంది, రాత్రి పడుకునే మంచం ఉంది, పొద్దున ఉంది. చదివే మనిషి తెలియకుండానే అక్కడ ఒక రోజు గడిపేస్తాడు.

రాశాక ఇంట్లో ఎవరికైనా ఒక్కసారి చదివి వినిపించి, కాగితం మూసి, గదిలో ఏమేం ఉన్నాయో చెప్పమను. చాయ్, దుప్పటి, పొద్దు చెబితే పని అయినట్టే. ‘మంచిగుంది’ అని మాత్రమే అంటే ఇంకా ఎక్కడో పొగడ్త మిగిలి ఉంది, వెతుకు. నాన్నకే వినిపించు, ఈ పని ఏమిటో ఆయనకూ అర్థమవుతుంది.

ఏజెన్సీకి పంపేటప్పుడు పాత పేరా, కొత్త పేరా పక్కపక్కన పెట్టు. కింద రెండు మూడు వాక్యాల్లో ఏ వివరం ఎవరిని అడిగి తెలుసుకున్నావో, ఏది నిర్ధారణ కాక వదిలేశావో రాయి. నిర్ధారణ కానిది వదిలేసే మనిషి దొరికితే క్లయింట్ ఫిర్యాదులు తగ్గుతాయని ఎడిటర్లకు తెలుసు. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఇది నీ పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ. రెండో దానికి, కుదిరితే ఒకరోజు సోమశిల పోయి కృష్ణ ఒడ్డున ఉన్న కాటేజీలను నీ కళ్లతో చూసి రా. ఇలాంటివి నాలుగు చేతిలో ఉంటే ఏ ఏజెన్సీ తలుపైనా తట్టొచ్చు. కొత్త పేరా ఈ ఆదివారంలోపు నాకు కూడా పంపు బిడ్డా, చూసి చెబుతాను.