ఊరు మారినా ఏవో మారలేదా? పాన్ ఫైలు ముంబై నుంచి హైదరాబాద్‌కి తెచ్చుకోవడం ఇలా

ప్రశ్న: సర్, ఉద్యోగం మారి 2023లో ముంబై నుంచి హైదరాబాద్ వచ్చాను. ఆధార్‌లో మియాపూర్ అడ్రస్ పెట్టించాను, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లోనూ మార్చాను. అయినా నా ఏవో, అంటే నా పన్ను ఫైలు చూసే అసెసింగ్ ఆఫీసర్, ముంబైలోనే చూపిస్తోంది. 2022-23 అసెస్‌మెంట్ ఇయర్‌కి పాత కంపెనీ కోసిన టీడీఎస్ రూ.84,000 లెక్కలోకి తీసుకోకుండా 2022 డిసెంబర్‌లో రూ.95,800 డిమాండ్ వేశారు. కంపెనీ తర్వాత సరిచేసింది, ఇప్పుడు నా పేరిట జమైన పన్ను వివరాలుండే 26ఏఎస్‌లో ఆ మొత్తం కనిపిస్తోంది. రిటర్నులు ప్రాసెస్ చేసే బెంగళూరు సీపీసీకి రెక్టిఫికేషన్, అంటే తప్పు సవరించమనే దరఖాస్తు, పెడదామంటే మీ ఏవోను సంప్రదించండి అంటోంది. ముందు కేసు హైదరాబాద్‌కి మార్పించుకోవాలా? కొత్త పాన్ తీసుకోవాలా?

జవాబు: కొత్త పాన్ జోలికి అస్సలు వెళ్లకండి. ఊరు మారినంత మాత్రాన పాన్ మారదు. రెండు పాన్‌లు ఉంటే ఆదాయపు పన్ను చట్టం 272బి సెక్షన్ కింద రూ.10,000 జరిమానా పడొచ్చు. ఇక వరస విషయానికొస్తే, నా సలహా మీరు అనుకుంటున్నదానికి తలకిందులుగా ఉంటుంది. రెక్టిఫికేషన్ దరఖాస్తు ఇప్పుడే, ముంబై ఏవోకే, ఆన్‌లైన్‌లో పెట్టండి. ఫైలు బదిలీకి అర్జీ ఆ తర్వాత అదే వారంలో పంపండి. బదిలీ పూర్తి చేయడానికి చట్టంలో గడువు లేదు. రెక్టిఫికేషన్‌కి ఉంది. గడువు లేని పని కోసం గడువున్న పనిని ఆపుకోకూడదు.

ఇన్ని చోట్ల అడ్రస్ మార్చినా ఏవో ఎందుకు మారలేదంటే, ఆధార్‌లో అడ్రస్ వేరు, పోర్టల్ ప్రొఫైల్‌లో సంప్రదింపు అడ్రస్ వేరు, పాన్ డేటాబేస్‌లో అడ్రస్ వేరు. ఒకటి మారిస్తే మిగతావి వాటంతట అవి మారవు. ఈ మూడింటికీ సంబంధం లేకుండా మీ పాన్‌కి ఒక ఏవో కోడ్ తగిలించి ఉంటుంది. దాన్ని శాఖలోని అధికారులే మార్చాలి, మన చేతిలో ఉండదు. కాబట్టి మొదట పాన్ డేటాబేస్‌లో అడ్రస్ మారిందో లేదో చూసుకోండి. మారకపోతే ప్రొటీన్ లేదా యూటీఐఐటీఎస్ఎల్ సైట్‌లో పాన్ సవరణ దరఖాస్తు పెట్టి మార్పించండి.

దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు. 2019లో ఐ-వెన్ ఇంటరాక్టివ్ కేసులో సుప్రీంకోర్టు దీనిపైనే తీర్పు ఇచ్చింది. రిటర్నులో కొత్త అడ్రస్ రాసినంత మాత్రాన సరిపోదని, అడ్రస్ మారినట్టు ఏవోకి విడిగా తెలియజేయకుండా, పాన్ డేటాబేస్‌లో మార్పించకుండా ఉంటే పాత అడ్రస్‌కి పంపిన నోటీసు చెల్లుతుందని చెప్పింది. ఈమెయిల్, మొబైల్ నంబర్ పాత కంపెనీవి ఉంటే వాటినీ ఇప్పుడే మార్చేయండి.

తర్వాత incometax.gov.in తెరిచి, లాగిన్ అవసరం లేకుండానే `Know Your AO` అనే లింకులో పాన్, మొబైల్ నంబర్ ఇవ్వండి. ఓటీపీ కొట్టాక ఏరియా కోడ్, ఏవో టైప్, రేంజ్ కోడ్, ఏవో నంబర్, ఆఫీసు ఉన్న భవనం, అధికారి ఈమెయిల్ వస్తాయి. ఏవో టైప్ దగ్గర W ఉంటే వార్డు, C ఉంటే సర్కిల్ అని అర్థం. ఆ పేజీని తేదీతో సహా పీడీఎఫ్‌గా దాచుకోండి. అర్జీలో మీరు రాయాల్సింది ఈ నాలుగు భాగాల కోడే. ఆ వివరం లేకుండా ఊరికే ఇన్‌కమ్ ట్యాక్స్ ఆఫీస్, ముంబై అని రాసి పంపితే ఆ కాగితం ఏ బల్ల మీదకి చేరాలో అక్కడ ఎవరికీ తెలియదు.

హైదరాబాద్‌లో మీ ఏవో ఎవరవుతారో కూడా ముందే తెలుసుకోవాలి. పాన్ దరఖాస్తు సైట్లలో ఊరి పేరుతో ఏవో కోడ్ వెతుక్కునే వీలుంది. ఒక్కో కోడ్ పక్కన అది ఏ ప్రాంతాలకు, ఎలాంటి పన్నుదారులకు వర్తిస్తుందో వివరణ ఉంటుంది. ఇంటి అడ్రస్‌తో పాటు ఆదాయం ఎంతన్నది కూడా లెక్కే. ఆదాయం ఒక స్థాయి దాటితే ఫైలు వార్డు నుంచి సర్కిల్‌కి పోతుంది. బషీర్‌బాగ్ ఆయకర్ భవన్, ఏసీ గార్డ్స్ ఐటీ టవర్స్, కొండాపూర్ సిగ్నేచర్ టవర్స్, ఇలా మన ఊళ్లో కార్యాలయాలు వేర్వేరు చోట్ల ఉన్నాయి. మియాపూర్‌కి కొండాపూర్ దగ్గర కదా అని అక్కడికే వెళ్లకండి, కోడ్ చూసుకునే వెళ్లండి. సందేహముంటే ఆయకర్ సేవా కేంద్రంలో అడగండి.

ఇక రెక్టిఫికేషన్. మీ డిమాండ్ ఎలా తయారైందో చూడండి. లెక్కలోకి రాని టీడీఎస్ రూ.84,000. దాని మీద 2022 ఏప్రిల్ నుంచి డిసెంబర్ దాకా 9 నెలలకు, నెలకు 1 శాతం చొప్పున, అడ్వాన్స్ ట్యాక్స్ తక్కువైందని వేసే 234బి వడ్డీ రూ.7,560. అడ్వాన్స్ ట్యాక్స్ వాయిదాలు కట్టలేదని 234సి వడ్డీ రూ.4,242. మొత్తం రూ.95,802, పదులకు సర్దితే రూ.95,800. అంటే టీడీఎస్ క్రెడిట్ ఒక్కటి ఇస్తే అసలుతో పాటు ఈ రెండు వడ్డీలూ పోతాయి. అందుకే దరఖాస్తులో వేరే వాదనలేవీ కలపొద్దు. పోర్టల్‌లో లాగిన్ అయ్యి, రెక్టిఫికేషన్ మెనూలో ఏవోకి రెక్టిఫికేషన్ కోరే అభ్యర్థనను ఎంచుకోండి. ఈ డిమాండ్ వేస్తూ వచ్చిన 143(1) ఇంటిమేషన్, ఇప్పటి 26ఏఎస్, పాత కంపెనీ ఇచ్చిన ఫారం 16 జతచేసి, ఈ లెక్కను నాలుగు వరుసల్లో రాయండి. అవే కాగితాలు `Know Your AO` పేజీలో దొరికిన ఈమెయిల్‌కి కూడా పంపండి. ఈ పనికి ముంబై వెళ్లక్కర్లేదు.

154 సెక్షన్ ప్రకారం ఉత్తర్వు వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిసిన దగ్గర్నుంచి 4 ఏళ్ల లోపు సవరణ జరగాలి. మీ ఇంటిమేషన్ 2022 డిసెంబర్‌ది కాబట్టి చివరి తేదీ 2027 మార్చి 31. దరఖాస్తు అందిన నెల ముగిసిన దగ్గర్నుంచి 6 నెలల్లో అధికారి తేల్చాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. ఈ లోపు డిమాండ్ ఊరికే ఉండదు. కట్టనందుకు 220(2) కింద నెలకు 1 శాతం, అంటే రూ.958 చొప్పున వడ్డీ పెరుగుతూ పోతుంది. డిమాండ్ రద్దయితే ఈ వడ్డీ కూడా రద్దవుతుంది. తర్వాతి సంవత్సరాల్లో మీకు రిఫండ్ వస్తే ఈ బాకీకి సర్దుకుంటామని 245 కింద ఇంటిమేషన్ పంపుతారు. దానికి 21 రోజుల్లో పోర్టల్‌లో అంగీకరించడం లేదని జవాబివ్వండి, రెక్టిఫికేషన్ పెట్టిన నంబర్ అందులో రాయండి. జవాబు లేకపోతే ఒప్పుకున్నట్టే భావించి సర్దేస్తారు. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

బదిలీ అర్జీకి రెండు ప్రతులు కావాలి. ఒకటి ముంబై ఏవోకి, నా పాన్‌ను ఫలానా కోడ్‌కి బదిలీ చేయండి అని. రెండోది హైదరాబాద్ ఏవోకి, నా పాన్‌ను తీసుకోండి అని, మొదటి అర్జీ నకలుతో సహా. రెండింటిలోనూ ఏ తేదీ నుంచి మియాపూర్‌లో ఉంటున్నారో రాయండి. పాన్ నకలు, ఆధార్, అద్దె ఒప్పందం లేదా కరెంటు బిల్లు, చివరి రిటర్ను రసీదు, ఏవో వివరాల పేజీ జతచేయండి. పెండింగ్‌లో ఉన్నవి దాచొద్దు. 2022-23కి సంబంధించిన డిమాండ్, రెక్టిఫికేషన్ దరఖాస్తు నంబర్, తేదీ స్పష్టంగా రాసి, వీలైతే బదిలీకి ముందే దాన్ని తేల్చమని, లేదంటే రికార్డుతో పాటు పంపమని కోరండి. ముంబైకి స్పీడ్ పోస్టు, ఈమెయిల్ రెండూ పంపండి. హైదరాబాద్ ప్రతిని స్వయంగా ఇచ్చి ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకోండి.

హైదరాబాద్ ఆఫీసులో కాగితాలిస్తే వాళ్లే లాక్కుంటారనుకోవడం చాలామంది చేసే పొరపాటు. పాన్ ఎవరి కోడ్ కింద ఉందో వాళ్లే శాఖ కంప్యూటర్‌లో బదిలీ మొదలుపెట్టాలి, పై అధికారి ఆమోదం కూడా కావాలి. అప్పటిదాకా ఇక్కడి అధికారి మీ డిమాండ్‌ను ముట్టుకోలేరు. ముంబైలో పని ఆగిపోవడానికి సాధారణంగా కారణం ఆ పాన్ మీద తేలని పని ఉండటమే. రెక్టిఫికేషన్ ముందు పెట్టమనడంలో ఇదీ ఒక ఉద్దేశం. నెలన్నర దాటినా కదలకపోతే పోర్టల్‌లోని గ్రీవెన్స్ విభాగంలో ఏవో మీద ఫిర్యాదు నమోదు చేయండి. స్పీడ్ పోస్టు రసీదు, ఇన్‌వార్డ్ ముద్ర ఉన్న ప్రతి జతచేయండి. ఆ రెండూ లేని ఫిర్యాదును దరఖాస్తు అందలేదన్న ఒక్క వాక్యంతో మూసేసే వీలుంది.

రెక్టిఫికేషన్ తేలకముందే పాన్ హైదరాబాద్‌కి వచ్చేస్తే కంగారు పడక్కర్లేదు. కేసుల బదిలీ గురించి చెప్పే 127 సెక్షన్‌లో కేసు అంటే పెండింగ్‌లో ఉన్నవి, పూర్తయినవి, ముందు ముందు వచ్చేవి అన్నీ కలిపే. కాబట్టి పాత ఉత్తర్వును సవరించే అధికారం కొత్త ఏవోకి ఉంటుంది. అయితే మీ దరఖాస్తు ఆయన కంటపడిందని మాత్రం అనుకోవద్దు. `Know Your AO`లో పేరు మారిన వారంలోపే అవే కాగితాలు, పాత నంబర్‌తో సహా, కొత్త ఏవోకి మళ్లీ ఇవ్వండి. అలా ఇవ్వకపోతే ముంబై వాళ్లు ఫైలు వెళ్లిపోయిందంటారు, ఇక్కడివాళ్లు రాలేదంటారు.

మీకు రిటర్నును లోతుగా పరిశీలించే స్క్రూటినీ నోటీసు లేదు కాబట్టి పని ఇంతటితో అయిపోతుంది. ఉన్నవాళ్లకు మాత్రం రెండు విషయాలు చెప్పాలి. 143(2) లేదా 142(1) నోటీసు అందాక, ఈ అధికారికి నా మీద పరిధి లేదని అభ్యంతరం చెప్పాలంటే 124(3) ప్రకారం నోటీసు అందిన నెల రోజుల్లోపే చెప్పాలి. రిటర్ను వేసినవాళ్లకు వర్తించే గడువిది. ఈలోపే అసెస్‌మెంట్ పూర్తయితే ఆ అవకాశం కూడా ఉండదు. ఫేస్‌లెస్ విధానంలో నడిచే స్క్రూటినీలో అధికారి ఏ ఊళ్లో ఉన్నా జవాబులన్నీ ఆన్‌లైన్‌లోనే కాబట్టి, దాని కోసం బదిలీ కోరి ప్రయోజనం లేదు. బదిలీ అడిగామని నోటీసుకి జవాబివ్వడం ఆపితే 144 కింద ఏకపక్షంగా అసెస్‌మెంట్ చేసేస్తారు. ఫేస్‌లెస్ కాకుండా ఏవో దగ్గరే నడుస్తున్న కేసు వేరే రాష్ట్రానికి మారాలంటే అక్కడి ప్రిన్సిపల్ కమిషనర్, ఇక్కడి ప్రిన్సిపల్ కమిషనర్ ఒప్పుకుని 127(2) కింద ఉత్తర్వు ఇవ్వాలి. అర్జీ నేరుగా ప్రిన్సిపల్ కమిషనర్‌కి రాసి ఏవోకి నకలు పంపాలి.

రెండోది అప్పీళ్ల సంగతి. ముంబై ఏవో ఇచ్చిన అసెస్‌మెంట్ ఉత్తర్వు మీద వివాదం హైకోర్టు దాకా వెళ్తే, తర్వాత ఫైలు హైదరాబాద్‌కి వచ్చినా సరే, వెళ్లాల్సింది బాంబే హైకోర్టుకే. 2022లో ఏబీసీ పేపర్స్ కేసులో సుప్రీంకోర్టు ఇలాగే తేల్చింది. అప్పీలుకు వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు ముంబైలోనే ఒక న్యాయవాదిని మాట్లాడుకోవాలి.