‘తాంగళ్’ అంటే ‘తమరు’ అనుకోవచ్చా?

ప్రశ్న: చెన్నైలో ఫ్లాటు కొనుక్కున్నాం. వచ్చే ఆదివారం గృహప్రవేశం. ఇరుగుపొరుగు అంతా తమిళులు, చాలామంది పెద్దవాళ్ళు. వాళ్ళకోసం తమిళంలో చిన్న పిలుపు తెలుగు లిపిలో ఇలా రాసుకున్నాను: ‘నీంగళ్ ఉన్ కుడుంబత్తుడన్ కండిప్పాగ వాంగ’. ఇందులో మర్యాద సరిపోయిందా? ‘తాంగళ్’ అని రాయమని ఒకరు చెప్పారు. అది మన ‘తమరు’ లాగా వెటకారంగా వినిపించదా? ఇదే పత్రికను మా బంధువుల కోసం తెలుగులోనూ వేయిస్తున్నాం.

సమాధానం: మీ వాక్యంలో ముందుగా తీసేయవలసింది ‘ఉన్’. అది ఏకవచనం, మన ‘నీ’కి సమానం. ‘మీరు నీ కుటుంబంతో రండి’ అన్నట్టుంది మీరు రాసినది. ఈ పొరపాటు తెలుగువారికి తేలికగా వస్తుంది. మన ‘నీ’, ‘మీ’ల మధ్య తేడా మొదటి అక్షరంలో ఉంది కాబట్టి చెవి వెంటనే పట్టేస్తుంది. తమిళంలో ‘ఉన్’, ‘ఉంగళ్’లు ఒకే అక్షరంతో మొదలై చివర విడిపోతాయి. పైగా తమిళంలో ‘నీ’ అంటే ‘నువ్వు’; మన ‘నీ’ అక్కడ ‘ఉన్’ అవుతుంది. ‘నీంగళ్’ అని మొదలుపెడితే వాక్యం చివరిదాకా ‘ఉంగళ్’ అనే సాగాలి. ‘తాంగళ్’ అని మొదలుపెడితే ‘తంగళ్’ అనాలి. ఒకే పత్రికలో పైన ‘తాంగళ్’, కింద ‘ఉంగళ్’ కనిపిస్తే తప్పని ఎవరూ అనరు కానీ, అరువు తెచ్చుకున్న వాక్యాలను అతికించినట్టుంటుంది.

ఇక మీ అసలు అనుమానం. ‘తాంగళ్’, ‘తమరు’ నిజంగానే ఒక తీరున పుట్టిన మాటలు. ‘తాను, తాము’ అనే మాటలు మొదట ఎదుటివారిని ఉద్దేశించినవి కావు, ‘తనంతట తాను’ అన్నప్పటి ఆత్మార్థకాలు. ఎదుటి మనిషిని నేరుగా ‘నువ్వు’ అనకుండా, కొంచెం పక్కకు తిరిగి మాట్లాడినట్టు ఉండడానికి రెండు భాషలూ వీటి బహువచనాన్ని గౌరవవాచకంగా వాడుకున్నాయి. తమిళంలో ‘తాం’కు ‘కళ్’ చేరి ‘తాంగళ్’ అయింది, మనకు ‘తమరు’ వచ్చింది. పుట్టుక ఒకటే అయినా వాడుకలో దారులు వేరయ్యాయి. ‘ఏమిటి, తమరు ఇప్పుడా రావడం?’ అంటే తెలుగులో అది ఎత్తిపొడుపే. దరఖాస్తుల్లో, ఉత్తరాల్లో ‘తమ లేఖ అందింది’ అనే వాడుక మిగిలింది కానీ, ఇంటి పిలుపులో ‘తమరు’ చదివితే ఇప్పటివారికి అతివినయం అనిపిస్తుంది. రాతలో ‘తాంగళ్’కు ఆ పరిస్థితి లేదు. పెళ్ళి పత్రికల్లో, ఆహ్వానాల్లో అది మామూలు మర్యాద. నోటిమాటలో మాత్రం అది బరువు. లిఫ్టు దగ్గర ఎదురైన పక్కింటి మామిని ‘తాంగళ్’ అంటే ఆవిడ నవ్వుతుంది. అక్కడ ‘నీంగ’ చాలు.

‘వాంగ’ కూడా నోటిమాటే. రాతలో దాని పూర్తిరూపం ‘వారుంగళ్’. అయితే రూపం సరిచేసినంత మాత్రాన పని పూర్తికాదు. ‘వారుంగళ్’ అంటే ‘రండి’, అంటే విధి. తెలుగు పత్రికలో మనం ‘రండి’ అని రాస్తామా? ‘విచ్చేయవలసిందిగా కోరుతున్నాము’ అంటాం. రమ్మని చెప్పే క్రియను విధిగా ఉంచకుండా కోరిక లోపలికి నెడతాం. తమిళంలో ఆ పనిని ‘మాఱు’ చేస్తుంది: ‘వాళ్త్తుమాఱు అళైక్కిఱోం’ అంటే ‘ఆశీర్వదించవలసిందిగా ఆహ్వానిస్తున్నాము’. పెద్దవారికి రాసేటప్పుడు సర్వనామం ఎంపిక కన్నా ఈ క్రియ ఎంపికే ఎక్కువ మర్యాద చూపుతుందని నా అభిప్రాయం. ‘తప్పకుండా’ అనే అర్థమిచ్చే ‘కండిప్పాగ’ గుమ్మం దగ్గర నిలబడి పిలిచేటప్పుడు బాగుంటుంది, అచ్చులో అక్కర్లేదు. ఆ మాటకు కట్టడి అనే ఛాయ కూడా ఉంది.

మీ పత్రిక ఇలా వేయించండి:

‘అన్బుడైయీర్, వణక్కం. ఎంగళ్ పుదుమనై పుగువిళా వరుం ఞాయిట్రుక్కిళమై కాలై 7.30 మణి ముదల్ 9 మణిక్కుళ్ నడైపెఱ ఉళ్ళదు. తాంగళ్ కుడుంబత్తుడన్ వరుగై తందు ఎంగళై వాళ్త్తుమాఱు అన్బుడన్ అళైక్కిఱోం. తంగళ్ వరవై ఎదిర్నోక్కుం’ – ఆ కింద మీ దంపతుల పేర్లు. వేళ నేను ఊరికే వేశాను, మీ ముహూర్తం చూసి మార్చుకోండి.

‘అన్బుడైయీర్’ అంటే ‘ప్రేమగలవారలారా’ అని. చివరి ‘ఈర్’ ఎదుటివారిని బహువచనంలో పిలిచే ప్రత్యయం. ఒక్కరికైనా పదిమందికైనా, మగవారికైనా ఆడవారికైనా అదే సరిపోతుంది కాబట్టి ప్రతి ఫ్లాటుకూ ఒకే పత్రిక ఇవ్వవచ్చు. ‘పుదుమనై పుగువిళా’ అచ్చ తమిళంలో గృహప్రవేశం. ‘కిరగప్పిరవేసం’ అని కూడా అంటారు, మీ ఇష్టం. ‘ఎంగళ్’ మన ‘మా’. ‘నమదు’ అంటే ‘మన’. మా–మన తేడా తమిళంలోనూ ఉంది కాబట్టి అక్కడ మీరు తడబడరు. చివర ‘ఎదిర్నోక్కుం’ దగ్గర వాక్యం ఆగిపోయిందని కంగారుపడి క్రియ చేర్చకండి. అది ‘ఎదురుచూసే’ అనే విశేషణం. దాని విశేష్యం కిందున్న మీ పేర్లే.

అపార్ట్‌మెంటు నోటీసు బోర్డు మీద పెట్టేటట్టయితే ‘తాంగళ్’ తీసేసి ‘నీంగళ్ అనైవరుం’ అనండి. ‘మీరు’ లాగే ‘నీంగళ్’ కూడా ఒకరికీ పలువురికీ చెల్లుతుంది గనుక, ‘అందరూ’ అనే మాట లేకపోతే బోర్డు చదివినవారికి ఈ పిలుపు ఎవరో ఒకరికని అనిపించవచ్చు. అప్పుడు చివరి ‘తంగళ్ వరవై’ కూడా ‘ఉంగళ్ వరవై’ కావాలి; ‘కుడుంబత్తుడన్’ ముందు ఏదైనా చేర్చాలనిపిస్తే అదీ ‘ఉంగళ్’ అవుతుంది. ఇరుగుపొరుగువారిని పేర్కొనాలంటే ‘అండై వీట్టార్’ అనండి. ఆ ‘ఆర్’లోనే బహువచనమూ గౌరవమూ రెండూ ఉన్నాయి, మన ‘పొరుగింటివారు’లోని ‘వారు’ లాగా. కవరు మీద పేరు రాసేటప్పుడు మన ‘గారు’ స్థానంలో ‘అవర్గళ్’ వస్తుంది. ముందు మగవారికి ‘తిరు’, ఆడవారికి ‘తిరుమది’.

ప్రెస్సుకు ఇచ్చేముందు ఒక సంగతి తప్పక చూసుకోండి. పైన నేను ‘ళ’ అని రాసినచోట తమిళంలో రెండు వేర్వేరు అక్షరాలు ఉన్నాయి. ‘విళా’, ‘కిళమై’, ‘వాళ్త్తు’, ‘అళైక్కిఱోం’ – ఈ నాలుగింటిలోనూ ఉండవలసింది ‘తమిళ్’ అనే పేరు చివర ఉండే అక్షరం, నాలుక బాగా వెనక్కి మడిచి పలికేది. పాత తెలుగు శాసనాల్లో మనకూ అది ఉండేది. తరవాత చాలా మాటల్లో ‘డ’గా మారిపోయింది. వారి ఏడు, కోడి మాటల్లో ఇప్పటికీ ఆ అక్షరమే ఉంది. ‘ఎంగళ్’, ‘తాంగళ్’, ‘తంగళ్’, ‘మణిక్కుళ్’, ‘ఉళ్ళదు’లలో మాత్రం మామూలు ళ. మీ తెలుగు లిపి ప్రతిని చూసి టైపు చేసేవారికి ఈ తేడా తెలియదు. ప్రూఫు వచ్చాక ‘తమిళ్’ అని పక్కన రాయించుకుని, దాని చివరి అక్షరం ఆ నాలుగు మాటల్లో ఉందో లేదో పోల్చి చూడండి. తమిళం చదవడం రాకపోయినా ఈ మాత్రం చూడవచ్చు.

బంధువులకు వేసే తెలుగు పత్రికలో ‘తమరు’ వద్దు. ‘మీరు సకుటుంబంగా విచ్చేసి మమ్మల్ని ఆశీర్వదించవలసిందిగా కోరుతున్నాము’ అనండి. ‘మీరు సకుటుంబ సమేతంగా’ అని మాత్రం రాయించకండి; ‘స’ అన్నా ‘సమేతం’ అన్నా కూడి ఉండడమే, రెండింటిలో ఒకటి చాలు.